రాత్రి మిగిలిన అన్నం

"ఎండాకాలం రాత్రి మిగిలిన అన్నం పొద్దుగాలకు జిగటైతుంది, ఏం చేయాలె?" అని అడిగిన అక్కకు:

కుక్కర్‌లో మూతపెట్టి ఉంచితే నడుమ వేడి గంటలకొద్దీ పోదు. ఉడికినా చావని కొన్ని బాక్టీరియా బీజాలు ఆ గోరువెచ్చదనంలోనే పెరుగుతాయి. వాటి విషం మళ్లీ వేడిచేసినా పోదు. వాసన రాకున్నా, రాత్రంతా బయట ఉన్న అన్నం తినకండి.

భోజనాలు కాగానే మిగిలింది వెడల్పు పళ్లెంలో పలుచగా పరిచి ఫ్యాన్ కింద పెట్టండి. ఆవిరి పోయినంక, గంటలోపే, మూత డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడే వాడేయండి.

ఆ అన్నం వాడుకోను, పిండిని గిన్నెలో ఒత్తి కాల్చే సర్వపిండి మంచిది. రెండు కప్పుల బియ్యప్పిండికి అర కప్పు అన్నం మెత్తగా మెదిపి, నానిన శనగపప్పు, నువ్వులు, ఉల్లిగడ్డ, కారం, ఉప్పు కలపాలి. అన్నంలోనే తడి ఉంటది, నీళ్లు చివర్ల కొద్దికొద్దిగా చల్లండి. పిండి జారుడైతే గిన్నెకు అంటుకొని నడుమ పచ్చిగ మిగులుతది.