ఫొటోకి తెలియని సంగతి: ఎక్స్‌పోర్ట్ సర్‌ప్లస్ ఒరిజినలా, డూప్లికేటా?

పండగ సీజన్ వస్తే నెల్లూరులో ఏదో ఒక కల్యాణ మండపానికి ‘ఎక్స్‌పోర్ట్ సర్‌ప్లస్ సేల్’ బ్యానర్ కడతారు. షోరూమ్‌లో రెండు వేలకు పైన పలికే కాలర్ టీషర్టు అక్కడ 400కి వస్తుంది. కుర్రాళ్లు డబ్బు తీసేముందు లోగో, మెడ లేబుల్, కుట్టు ఫొటోలు తీసి, బట్టల సంగతి తెలుసని పేరున్న వాడికి వాట్సాప్‌లో పంపుతారు. ‘అన్నా, ఇది ఒరిజినలేనా?’ ఆ అన్న జూమ్ చేసి చూసి, నెట్‌లో ఉన్న షోరూమ్ పీసు ఫొటోతో పోల్చి, నిమిషంలో తేల్చేస్తాడు. ప్రపంచంలో ఒరిజినల్, డూప్లికేట్ అని రెండే రకాలుంటే ఆ పద్ధతి సరిపోయేది. ఆ మండపంలో ఉన్న సరుకు ఆ రెండు గడుల్లో పట్టదు.

మిగులు సరుకు ఎలా పుడుతుందో ముందు చూద్దాం. తిరుప్పూర్‌లో ఒక ఫ్యాక్టరీకి విదేశీ బ్రాండ్ నుంచి పదివేల టీషర్టుల ఆర్డర్ వచ్చిందనుకోండి. కుట్టులో కొన్ని పాడవుతాయి, రంగులో కొన్ని తేడా వస్తాయి. సరిగ్గా పదివేలకే బట్ట కోస్తే చివరికి లెక్క తగ్గుతుంది, కంటైనర్ ఆగుతుంది. అందుకని పదివేల అయిదు వందలు కోస్తారు. అందులో 200 తనిఖీలో తిరస్కారమయ్యాయి. బ్రాండ్ తనకు కావలసిన పదివేలు తీసుకుంది. ఇంకో 300 ఏ లోపం లేకుండా ఫ్యాక్టరీలోనే ఉండిపోయాయి. ఆ 300 మిగులు, ఆ 200 సెకండ్స్. నూలు అదే, కుట్టిన చేతులు అవే, మెషీన్లు అవే. ఇవి ఖాదర్‌పేట లాంటి హోల్‌సేల్ బజార్ల మీదుగా మన ఊళ్ల మండపాల దాకా వస్తాయి.

చిక్కంతా ఇక్కడి నుంచే. ఇలాంటి సరుకును లోకల్‌గా వదిలించుకోవాలంటే బ్రాండ్ పేరు తీసేయాలని ఒప్పందాల్లో షరతు ఉండటం మామూలే. కాబట్టి మెడ లేబుల్‌ని మధ్యకు కత్తిరిస్తారు, లేదా మార్కర్‌తో అడ్డంగా గీత కొడతారు, ధర ట్యాగు పీకేస్తారు. ఆ టీషర్టు ఫొటో మన అన్నకి వెళ్లిందంటే ఏమంటాడు? ‘లేబుల్ తెగింది, ట్యాగు లేదు, బార్‌కోడ్ లేదు. డూప్లికేట్ రా, వదిలేయ్.’ పక్క బల్ల మీద ఇంకెక్కడో కుట్టిన నకిలీ ఉంటుంది. దానికి కొత్తగా అల్లించిన లేబుల్, నిగనిగలాడే ట్యాగు, స్పేర్ బటన్ కవరు అన్నీ ఉంటాయి. ఫొటోలో అదే ఒరిజినల్‌గా దిగుతుంది. ఫ్యాక్టరీలో పుట్టింది ఫెయిలవుతుంది, నకలు పాసవుతుంది. పోనీ లేబుల్ తెగితే అసలుదని తిరగేసి చెప్పుకుందామా అంటే అదీ కుదరదు. నకిలీ లేబుల్ కుట్టగలిగినవాడికి దాన్ని కత్తెరతో తెంపడం ఎంత పని!

సెకండ్స్‌తో ఇంకో తలనొప్పి. తిరస్కారమైన పీసుకి లోగో అర సెంటీమీటరు కిందికి జారి ఉండొచ్చు, గుండీల పట్టీ వంకర పోయి ఉండొచ్చు, చేతుల రంగు మిగతా టీషర్టు రంగుకి కొంచెం తేడాగా ఉండొచ్చు. ‘లోగో వంకరగా ఉంది కాబట్టి డూప్లికేట్’ అనేది ఫొటో నిపుణుల మొదటి సూత్రం. ఆ సూత్రానికి ముందు బలయ్యేది నిజమైన సెకండ్సే. అమ్మేవాడికి కూడా ఈ మాట భలే పనికొస్తుంది. నాసిరకం నకలు తెచ్చి పెట్టుకుని, కుట్టు బాగాలేదేందని ఎవరైనా అడిగితే ‘సెకండ్స్ సార్, కంపెనీ మాలే’ అంటాడు. లోపం చూపించిన కొద్దీ అతని మాటకి బలం పెరుగుతుంది.

ఒక్క పీసు ఫొటోలో ఈ ముడి విడదు. కుప్పని చూస్తే కొంత విడుతుంది. తనిఖీలో పడిపోయిన వాటిలో లోపాలు రకరకాలుగా ఉంటాయి: ఒకదానికి చంకలో కుట్టు ఊడితే, ఇంకోదానికి నూనె మరక, మూడోదానికి కాలర్ ఎగుడుదిగుడు. పది పీసులు తీసి చూసినా పదింటికీ లోగో ఒకే చోట, ఒకేలా తప్పుగా ఉంటే అది తనిఖీలో పడిన పొరపాటు కాకపోవచ్చు. చేసినవాడి నమూనాలోనే తప్పుందన్న అనుమానం రావాలి. సైజులు కూడా చెబుతాయి. మిగులు అనేది మిగిలినంతే వస్తుంది. ఎల్ నలభై ఉంటే ఎస్ మూడే ఉంటాయి, రెండు రంగులే దొరుకుతాయి. ఎస్ నుంచి డబుల్ ఎక్సెల్ దాకా పన్నెండు రంగుల్లో వరసగా పేర్చి, ‘అయిపోతే వచ్చే వారం మళ్లీ తెప్పిస్తా’ అనేవాడి దగ్గరున్నది మిగులు అని నేను నమ్మను. తయారు చేయిస్తే తప్ప సరుకు అలా రాదు. మన అన్నకి వచ్చిన నాలుగు క్లోజప్‌లలో ఈ కుప్ప ఎక్కడా కనపడదు.

గ్రే మార్కెట్ సరుకు దారి వేరు. అక్కడ వస్తువు పూర్తిగా కంపెనీదే, వేరే దేశంలో అమ్మడానికి చేసింది, అంతే. అమెరికాలో అమ్మిన ఐఫోన్ 14 ఒకటి నెల్లూరు ట్రంకు రోడ్డులోని సెకండ్‌హ్యాండ్ షాపుకి వచ్చిందనుకోండి. పక్క నుంచి ఫొటో తీస్తే సిమ్ ట్రే ఉండదు, ఎందుకంటే అక్కడి మోడల్‌కి ఈ-సిమ్ మాత్రమే. ఇక్కడి ఫోన్ చూసి అలవాటైన కన్నుకి అది పచ్చి నకిలీ. బాక్సు మీద మన ఎమ్మార్పీ స్టిక్కర్ లేదు, దిగుమతిదారు చిరునామా లేదు, అనుమానం ఇంకా ముదురుతుంది. సెట్టింగ్స్‌లో మోడల్ నంబర్ చివర `HN/A` బదులు `LL/A` అని ఉంటే అది ఇండియాకి కాక అమెరికాకి ఉద్దేశించిన ఫోన్ అని అర్థం. ఆ అక్షరాలు కూడా ఫోన్ ఏ దేశానికి చేసిందో చెబుతాయే గానీ, ఎలా చేతులు మారిందో చెప్పవు.

చట్టం దగ్గరికొస్తే ఫొటో అసలే అక్కరకు రాదు. 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం 30వ సెక్షన్ ప్రకారం, బ్రాండ్ యజమాని తానుగానో, అతని అనుమతితోనో ఒకసారి మార్కెట్లోకి వదిలిన సరుకుని చట్టబద్ధంగా కొన్నవాడు తిరిగి అమ్ముకోవచ్చు. విదేశీ మార్కెట్లో వదిలిన సరుక్కి కూడా ఇది వర్తిస్తుందని శామ్‌సంగ్ ప్రింటర్ల కేసులో 2012లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ చెప్పింది. ఈ సరుకు శామ్‌సంగ్ దిగుమతి చేసింది కాదని, వారంటీ శామ్‌సంగ్‌ది కాదని షాపులో కనపడేలా రాసిపెట్టాలని కూడా ఆదేశించింది. అంటే ఆ ఫోన్, సరైన దారిలో వస్తే, ‘నకిలీ’లా కనపడినా అమ్మకానికి అడ్డు లేదు. మన టీషర్టు సంగతి తలకిందులు. అనుమతి లేకుండా, లేబుల్ చెక్కుచెదరకుండా ఫ్యాక్టరీ వెనక గేటు దాటిన మిగులు పీసు దారం దారం షోరూమ్ పీసే. కానీ బ్రాండ్ యజమాని దాన్ని మార్కెట్లోకి వదల్లేదు, కాబట్టి ఆ సెక్షన్ రక్షణ దానికి దొరకడం కష్టం. ఫొటోలో అన్నిటికన్నా బాగా పాసయ్యేది, కాగితాల మీద అన్నిటికన్నా బలహీనమైనది ఒకటే కావడం విచిత్రం.

అందుకే ఫొటో చూసేవాళ్లు ‘ఒరిజినల్’ అన్న మాట వాడకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ‘ఇది ఆ కంపెనీది కాదు’ అని మాత్రం కొన్నిసార్లు గట్టిగా చెప్పొచ్చు: లేబుల్ మీద బ్రాండ్ పేరులో అక్షరం తప్పు పోయినప్పుడు, ఆ మోడల్‌లో కంపెనీ ఎప్పుడూ చేయని రంగు ఉన్నప్పుడు. మిగతావాటికి నిజాయితీ గల జవాబు ‘ఫొటోలో తెలీదు’ అనే. ఆ జవాబు విన్న కుర్రాడు బిల్లు ఇస్తారా, సైజు సరిపోకపోతే మారుస్తారా అని అడగాలి. రెండూ లేవంటే ఆ 400 గుడ్డకే ఇస్తున్నట్టు లెక్కేసుకుని, గుడ్డ నచ్చితే తీసుకోవాలి.