ఫలితాల రాత్రి స్టాప్‌లాస్ నిద్రపోతుంది

కంపెనీల త్రైమాసిక ఫలితాల సీజన్ మొదలైందంటే చాలు, టెలిగ్రామ్ గ్రూపుల్లో, యూట్యూబ్ ఛానళ్లలో ఒకటే హోరు. ఫలితాలకు ముందు ఆప్షన్ల ధరలు, అంటే ప్రీమియంలు ఉబ్బుతాయి, అప్పుడు షేరు పెరిగితే విలువ పెరిగే కాల్, పడితే విలువ పెరిగే పుట్ రెండూ అమ్మేయండి, మర్నాడు పొద్దున ఆ ధరల్లో కలిసిన ఊగిసలాట అంచనా, అంటే ఐవీ పడిపోగానే కొనేసి బయటపడండి, ధర ఒక హద్దు దాటగానే బయటపడేసే స్టాప్‌లాస్ ఆర్డరు పెట్టుకుంటే రిస్క్ లేదు అని చెబుతున్నారు. ఇందులో చివరి మాట అబద్ధం. మిగతా వాదన మీద ఎంత చర్చ అయినా చేసుకోవచ్చు. ఇలా రెండూ అమ్మే షార్ట్ స్ట్రాంగిల్‌కు స్టాప్‌లాసే రక్షణ అని చిన్న ట్రేడర్‌కు చెప్పి డబ్బులు తీసుకోవడాన్ని మాత్రం ఈ పత్రిక మోసంగానే చూస్తోంది.

ఎందుకో తెలియాలంటే 2023 ఏప్రిల్‌లో ఇన్ఫోసిస్‌కు ఏం జరిగిందో చూస్తే చాలు. హైదరాబాద్‌లో ఆ కంపెనీలో పనిచేసేవాళ్లు, ఆ షేరు దాచుకున్న కుటుంబాలు లెక్కలేనన్ని కాబట్టి మన పాఠకుల్లో చాలామందికి ఆ సోమవారం గుర్తుండే ఉంటుంది. ఏప్రిల్ 13, గురువారం మార్కెట్ ముగిశాక నాలుగో త్రైమాసిక ఫలితాలు వచ్చాయి. ఆదాయం అంతకుముందు త్రైమాసికం కంటే తగ్గింది. కొత్త ఆర్థిక సంవత్సరానికి వృద్ధి అంచనా 4 నుంచి 7 శాతం దగ్గరే ఆగింది. మర్నాడు అంబేడ్కర్ జయంతి సెలవు, ఆపైన శని, ఆదివారాలు. గురువారం 1,389 రూపాయల దగ్గర ముగిసిన షేరు సోమవారం ఒక దశలో 1,185 దాకా జారి, చివరికి 1,258 దగ్గర నిలిచింది. ముగింపు లెక్కన తొమ్మిది శాతానికి పైగా పతనం.

ఆ గురువారం మధ్యాహ్నం ఒక చిన్న ట్రేడర్ ఒక లాట్ స్ట్రాంగిల్ అమ్మాడనుకుందాం. షేరు ధరలు అప్పటివే. ప్రీమియంలు మాత్రం లెక్క తేలిగ్గా ఉండటానికి మేం అనుకున్నవి. 1,460 కాల్ 14 రూపాయలకు, 1,320 పుట్ 14 రూపాయలకు అమ్మాడు. 1,460, 1,320 అన్నవి స్ట్రైక్‌లు, అంటే ఆ కాల్, పుట్ చెల్లే ధరలు. చేతికొచ్చింది 28. లాట్‌కు 400 షేర్లు అనుకుంటే 11,200 రూపాయలు. ఆ నెల కాంట్రాక్టు ముగిసేసరికి షేరు ఆ రెండు ధరల మధ్య ఉంటే డబ్బంతా అతనిదే. అంతకుమించి ఒక్క రూపాయి కూడా రాదు.

పక్కనే ఇంకో ట్రేడర్ అవే రెండూ అమ్మి, దాంతోపాటు 1,500 కాల్, 1,280 పుట్ చెరో 7 రూపాయలకు కొన్నాడు. దీన్నే ఐరన్ కాండర్ అంటారు. అతనికి మిగిలింది 14, అంటే 5,600 రూపాయలు. మొదటివాడి సంపాదనలో సగం. కానీ అమ్మిన స్ట్రైక్‌కూ కొన్న స్ట్రైక్‌కూ తేడా 40. అందులోంచి తీసుకున్న 14 పోతే 26. షేరు ఎంత లోతుకు పడినా, ఎంత పైకి ఎగిరినా ఎక్స్‌పైరీ నాటికి అతని నష్టం 10,400 దాటదు.

సోమవారం షేరు 1,185ను తాకిన క్షణంలో 1,320 పుట్‌కు అసలు విలువే 135. తీసుకున్న 28 తీసేస్తే షేరుకు 107 చొప్పున 42,800 రూపాయల నష్టం. అందరూ సరిగ్గా అక్కడే చిక్కుకోరు, నిజమే. సాయంత్రం 1,258 దాకా ఓపిక పట్టినా ఆ పుట్ అసలు విలువ 62. ఇంకా పది రోజుల గడువున్న కాంట్రాక్టు కాబట్టి కొనాలంటే అంతకంటే ఎక్కువే పెట్టాలి. అసలు విలువ మీదే లెక్కేసినా నష్టం 13,600. షేరు ఎంతో కొంత కోలుకున్నాక మిగిలిన నష్టం కూడా, రెండోవాడు అత్యంత దారుణమైన రోజున పోగొట్టుకోగలిగిన మొత్తం కంటే ఎక్కువ.

మరి స్టాప్‌లాస్ సంగతి? ప్రీమియం రెట్టింపు అయితే, అంటే 28 కాస్తా 56 అయితే బయటపడతాను అని మొదటివాడు అనుకున్నాడు. పాఠం చెప్పినవాళ్లూ అలాగే చెప్పారు. ఎక్స్చేంజీలో పెట్టిన స్టాప్‌లాస్ ఆర్డరు ఆ రోజు వరకే చెల్లుతుంది. గురువారం సాయంత్రం మార్కెట్‌తోపాటే అదీ ముగిసిపోయింది. ఫలితాలు వచ్చింది ఆ తర్వాత. సోమవారం పొద్దున మళ్లీ పెడదామన్నా 56 అనే ధరే స్క్రీన్ మీద కనిపించలేదు. షేరు గ్యాప్‌తో కిందికి తెరుచుకుంది కాబట్టి పుట్ తొలి ధరే అంతకంటే పైన ఉంటుంది. పైగా 2021 సెప్టెంబరు నుంచి ఎన్‌ఎస్‌ఈలో ఆప్షన్లకు మార్కెట్ ధరకు కొట్టే స్టాప్‌లాస్ ఆర్డర్లు లేవు, లిమిట్ ధరతో పెట్టేవే ఉన్నాయి. ధర ఆ లిమిట్‌ను దూకి వెళ్లిపోతే ఆర్డరు అక్కడే పెండింగులో ఉండిపోతుంది. నష్టం మాత్రం పెరుగుతూనే ఉంటుంది. మధ్యలో న్యూయార్క్‌లో ఇన్ఫోసిస్ షేర్లకు బదులుగా ట్రేడయ్యే ఏడీఆర్‌లు కుప్పకూలుతుంటే ఫోన్‌లో చూస్తూ టెన్షన్ పడటం తప్ప ఇక్కడివాళ్లు చేయగలిగింది ఏమీ లేదు. మార్కెట్ తెరిచి ఉన్నప్పుడు పనిచేసే ఉపకరణాన్ని, మార్కెట్ మూసి ఉన్నప్పుడు వచ్చే ప్రమాదానికి రక్షణగా అమ్ముతున్నారు. మా అభ్యంతరమంతా దీనిమీదే.

స్ట్రాంగిల్ అమ్మేవాళ్ల వాదన కూడా ఉంది. ఫలితాల ముందు ఆప్షన్ల ధరల్లో ఉండే భయం చాలాసార్లు జరిగే కదలిక కంటే ఎక్కువ, కాబట్టి ఎక్కువసార్లు గెలుస్తాం అంటారు. గెలుస్తారు, కాదనం. ప్రశ్న ఎన్నిసార్లు గెలిచారన్నది కాదు, ఓడినసారి ఎంత పోయిందన్నది. 11,200 చొప్పున మూడుసార్లు గెలిచి నాలుగోసారి 42,800 పోగొట్టుకుంటే గెలుపుల శాతం 75 అని బ్యానర్ మీద వేసుకోవచ్చు. ఖాతాలో మాత్రం 9,200 మైనస్.

పోనీ ఆ ఐవీ పడిపోవడమైనా వాళ్లు చెప్పినంత ఉంటుందా? మన దగ్గర షేర్ల మీద వారపు ఆప్షన్లు లేవు, నెలవారీవే. ఫలితాలు 13న, ఎక్స్‌పైరీ 27న. అమ్మిన ప్రీమియంలో ఫలితాల భయంతోపాటు మరో రెండు వారాల మామూలు కాలం విలువ కూడా ఉంది. ఫలితాలు రాగానే అదంతా ఆవిరైపోదు. వారపు ఆప్షన్లున్న అమెరికా మార్కెట్ వీడియోలు చూసి ఇక్కడా ఒక్క రాత్రిలో ప్రీమియం మాయమవుతుందని చెప్పేవాళ్లు కనీసం ఈ తేడా అయినా వివరించడం లేదు. అక్కడైనా అంతే. 2022 ఫిబ్రవరిలో ఫలితాల మర్నాడు మెటా షేరు 26 శాతం పడింది. దాన్ని ఏ స్టాప్‌లాస్ ఆపింది?

ఐరన్ కాండర్‌ను కళ్లు మూసుకుని చేయమని మేం చెప్పడం లేదు. దానికీ తేడాలు రావచ్చు. ఖర్చు తగ్గుతుందని రక్షణ స్ట్రైక్‌లను మరీ దూరంగా కొనేవాళ్లున్నారు. పై ఉదాహరణలో 1,200 పుట్, 1,580 కాల్ చెరో 2 రూపాయలకు కొంటే మిగిలే ప్రీమియం 24, గరిష్ఠ నష్టం 96, అంటే 38,400 రూపాయలు. హద్దు ఉన్నమాట నిజమే, కానీ ఆ హద్దు దగ్గరికి వెళ్లేలోపే చిన్న ఖాతా ఖాళీ. ఇంకోటి మార్జిన్, అంటే పొజిషన్ కోసం బ్రోకర్ దగ్గర పూచీగా ఉంచాల్సిన డబ్బు. 2020 జూన్ నుంచి హెడ్జ్, అంటే రక్షణగా కొన్న ఆప్షన్ ఉన్న పొజిషన్లకు మార్జిన్ బాగా తగ్గింది. అంత మేలు జరిగితే మిగిలిన డబ్బుతో నాలుగు లాట్లు వేసేవాడు ఉంటాడు. నాలుగు లాట్లకు గరిష్ఠ నష్టం 41,600. తిరిగి తిరిగి స్ట్రాంగిల్ దగ్గరికే వచ్చాడు. అందుకే మార్జిన్ ఎంత కావాలని కాదు, గరిష్ఠ నష్టం ఎంతని చూసి లాట్లు లెక్కేసుకోవాలి.

ఎక్స్‌పైరీ రోజు మరో గుంట ఉంది. మన షేర్ల ఆప్షన్లకు 2019 అక్టోబరు నుంచి సెటిల్‌మెంట్ అంతా షేర్ల రూపంలోనే. షేరు 1,280కి, 1,320కి మధ్య ముగిస్తే కొన్న పుట్ సున్నా అవుతుంది, అమ్మిన పుట్ మాత్రం చెల్లుతుంది. అంటే 400 షేర్లు 1,320 చొప్పున, 5,28,000 రూపాయలు పెట్టి కొనాల్సిందే. ఆ షేర్లు చేతికొచ్చాక ఎంత పడితే అంత నష్టం, 10,400 అన్న హద్దు ఇక లేదు. ఆ రోజు దాకా ఆగకుండా ముందే మొత్తం పొజిషన్ మూసేయాలి. మూసేటప్పుడు ముందు అమ్మినవి కొని, తర్వాతే రక్షణగా కొన్నవి అమ్మాలి. తలకిందులు చేస్తే మధ్యలో మార్జిన్ ఒక్కసారిగా పెరిగి బ్రోకర్ నుంచి ఫోన్ వస్తుంది. దూరపు స్ట్రైక్‌లలో కొనేవారి ధరకు, అమ్మేవారి ధరకు మధ్య తేడా ఎక్కువ ఉండే షేర్లలో అయితే ఈ ట్రేడ్ జోలికే వెళ్లకపోవడం మేలు.

ఇన్ని లోపాలున్నా కాండర్ చేసేవాడికి గురువారం సాయంత్రమే ఒక అంకె తెలుసు. సెలవులు మూడు రోజులైనా, ముప్పై రోజులైనా ఆ అంకె మారదు. స్ట్రాంగిల్ అమ్మినవాడికి తెలిసింది ఆశ ఒక్కటే, దానికి పెట్టుకున్న పేరు స్టాప్‌లాస్. 2024 జనవరిలో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు విషయంలోనూ ఇదే జరిగింది. 16న మార్కెట్ ముగిశాక ఫలితాలు, 17న ఎనిమిది శాతానికి పైగా పతనం. అప్పుడు మధ్యలో సెలవు కూడా లేదు. దేశంలోనే పెద్ద ప్రైవేటు బ్యాంకు కదా, కదిలితే ఎంత కదులుతుంది అనుకున్న స్ట్రాంగిల్ అమ్మకందారులకు ఆ ఒక్క రాత్రే సరిపోయింది.

2024 సెప్టెంబరులో సెబీ విడుదల చేసిన అధ్యయనం ప్రకారం మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్లలో చేయి పెట్టిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు, సగటున మనిషికి సుమారు 2 లక్షలు. ఇది తెలిసి కూడా స్టాప్‌లాస్ పేరుతో హద్దులేని నష్టాన్ని నెలనెలా ఆదాయంగా అమ్ముతున్నవాళ్లను ఒకటే అడుగుతున్నాం. మీ క్లాసుల్లో చూపే లాభాల స్క్రీన్‌షాట్ల పక్కనే 2023 ఏప్రిల్ 17 ఉదయం మీ సొంత ఖాతా ఎలా ఉందో చూపించండి. స్టాప్‌లాస్ ఏ ధరకు పెట్టారో, ఏ ధరకు అమలైందో కూడా చూపించండి. బ్రోకర్లకూ ఒక మాట. ఫలితాల ముందు రోజు ఖాతాదారు హెడ్జ్ లేకుండా ఆప్షన్ అమ్ముతుంటే, షేరు పది శాతం, పదిహేను శాతం కదిలితే ఎంత పోతుందో ఆర్డరు తెర మీద రూపాయల్లో చూపడానికి మీకు కొత్త టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు. బ్రోకరేజీ రూపాయి పైసలతో సహా అదే తెర మీద చూపిస్తూనే ఉన్నారు కదా!