ఫోటోలో పాలు: విరిగాయా, మీగడ చెదిరిందా?

కాచిన పాల మీద తెల్లటి తునకలు తేలుతున్న ఫోటో పెట్టి ‘ఇవి విరిగాయా?’ అని అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. పారబోయమని కొందరు, మీగడేలే అని కొందరు వెంటనే చెప్పేస్తారు. ఇద్దరూ చూసేది ఆ తునకల్నే. పొరపాటు అక్కడే జరుగుతుంది. మీగడ చిరిగినా, వెన్న గడ్డకట్టినా, పాలు విరిగినా పైనుంచి తీసిన ఫోటోలో తునకలు దాదాపు ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలిసేది వాటి మధ్య ఉన్న ద్రవంలో, గిన్నె గోడ మీద.

పాలు తెల్లగా ఎందుకుంటాయో గుర్తు చేసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కేసిన్ అనే ప్రొటీన్ కంటికి కనపడనంత చిన్న ఉండలుగా పాలంతటా తేలుతూ ఉంటుంది. ఆ ఉండలూ, కొవ్వు బిందువులూ వెలుతురును నలువైపులా చెదరగొట్టడం వల్ల పాలు తెల్లగా కనిపిస్తాయి. కేసిన్ ఉండల మీద రుణావేశం ఉంటుంది కాబట్టి అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా ఉంటాయి. పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత పీహెచ్. తాజా పాలకు అది 6.6 నుంచి 6.8 దాకా ఉంటుంది. బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లం తయారుచేసే కొద్దీ ఆ ఆవేశం తగ్గి, ఉండలు అతుక్కోవడం మొదలవుతుంది. అవి ముద్ద కట్టాక మిగిలేది తేట. దానికి తెలుపు ఉండదు. రైబోఫ్లేవిన్ వల్ల లేత పసుపుపచ్చగా, కాస్త ఆకుపచ్చ ఛాయతో, నీళ్లలా కనిపిస్తుంది.

అందుకే తునకల మధ్య పాలు ఇంకా చిక్కటి తెలుపులో, ఎక్కడా పారదర్శకంగా లేకుండా ఉంటే అవి పూర్తిగా విరగలేదని చెప్పొచ్చు. పసుపుపచ్చ తేట కనిపిస్తే ఇక వాదన అక్కర్లేదు. ఈ రెండింటికీ మధ్య ఉన్నదే ఇబ్బంది పెట్టే స్థితి. ద్రవం తెల్లగానే ఉంటుంది, కానీ గిన్నె వంచితే గోడ మీద సన్నని రవ్వలాంటి పలుకులు అంటుకుని మిగులుతాయి. అది పాలు విరగడానికి ఆరంభం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నిన్న కాచి ఫ్రిజ్‌లో పెట్టిన పాలను మళ్లీ వేడిచేశారు. పైనుంచి తీసిన ఫోటోలో స్టీలు గిన్నె, పాల మీద రెండు మూడు మిల్లీమీటర్ల తెల్లటి ముక్కలు, అంచున ముడతలు పడ్డ పొర కనిపిస్తున్నాయి. ముడతల పొర మీగడ తరకే. కాచిన పాలు చల్లారేటప్పుడు పైభాగంలో నీరు ఆవిరవుతుంది. వేడికి స్వభావం మారిన పాల ప్రొటీన్లు అక్కడ కొవ్వును పట్టుకుని పొర కడతాయి. గరిటె తగిలినా, మళ్లీ కాచినా అది చిరుగుతుంది. చిరిగిన ముక్కలు పల్చగా, ఆకులా చదునుగా, అంచులు మడతపడి ఉంటాయి. మన ఫోటోలో ముక్కలు మాత్రం గుండ్రంగా, చిన్న చుక్కల్లా ఉన్నాయి. కాబట్టి తరక ఒక్కటే కారణమని తేల్చలేం.

ఇప్పుడు అడగాల్సింది రెండో ఫోటో. రెండు చెంచాల పాలు చిన్న గిన్నెలో మరిగించి, పారదర్శకమైన గాజు గ్లాసులో పోసి, వేడిగా ఉండగానే పక్కనుంచి తీయమనాలి. పాల కొవ్వు 40 డిగ్రీల సెల్సియస్ వచ్చేసరికి కరిగిపోతుంది. చుక్కలు వెన్నవైతే వేడికి అంచులు పోయి, మెరిసే నూనె బొట్లుగా మారతాయి. కేసిన్ పలుకులైతే కరగవు. వేడికి ఇంకా బిగుసుకుని, గరుకు అంచులతో అడుగుకు దిగుతాయి లేదా గ్లాసు గోడను పట్టుకుంటాయి. ప్రయోగశాలల్లో చేసే పరీక్ష కూడా ఇంచుమించు ఇలాంటిదే: 5 మిల్లీలీటర్ల పాలు పరీక్షనాళికలో తీసుకుని, మరిగే నీళ్లలో 5 నిమిషాలు ఉంచి, నాళికను వంచి గోడ మీద పలుకులున్నాయేమో చూస్తారు. ఇంటి పాలకు ఆ చిన్న గిన్నె చాలు. పైగా కుండెడు పాలూ పొయ్యి మీద పెట్టి పోగొట్టుకునే పని తప్పుతుంది.

ఈ పరీక్ష చెప్పే మరో ముఖ్యమైన సంగతి ఉంది. చల్లగా ఉన్నప్పుడు పాలు గడ్డకట్టాలంటే పీహెచ్ 5 దరిదాపులకు దిగాలి. మరిగించేటప్పుడైతే అంత దిగకముందే విరిగిపోవచ్చు. అంటే చల్లటి పాల ఫోటో ఎంత అందంగా ఉన్నా, అవి పొయ్యి మీద నిలుస్తాయో లేదో దాన్ని చూసి చెప్పలేం.

వెన్న చుక్కలని తేలినా పాలు బాగున్నాయని వెంటనే అనేయకూడదు. హోమోజినైజ్ చెయ్యని, అంటే కొవ్వు బిందువులను చిన్నవిగా పగలగొట్టని పాలను బాగా కుదిపినా, గడ్డకట్టించి కరిగించినా కొవ్వు ఇలా ముద్దలవుతుంది. అందులో ప్రమాదమేమీ లేదు. కానీ బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విడుదల చేసే ఎంజైము కూడా కొవ్వు బిందువుల చుట్టూ ఉన్న పొరను తినేసి ఇదే రూపం తెస్తుంది. దాని బీజాలు మరిగించినా చావవు. అదే బ్యాక్టీరియా ప్రొటీన్‌ను కోసేసి, పులుపు లేకుండానే పాలను గడ్డకట్టించగలదు కూడా. ‘పుల్లటి వాసన లేదు కదా’ అన్న వాదనకు నేను అంత విలువ ఇవ్వకపోవడానికి కారణం ఇదే. కుదపని పాలలో, నిల్వ రోజులు పెరిగాక ఈ చుక్కలు వస్తే పారబోయడమే మేలు.

మీగడ మందాన్ని చూసి పాల నాణ్యత తేల్చడం ఇంకో అలవాటు. హోమోజినైజేషన్‌లో కొవ్వు బిందువులను ఒక మైక్రాన్ కంటే చిన్నవి చేస్తారు కాబట్టి అవి పైకి తేలవు. ఆ పాల మీద మీగడ పల్చగా ఉండటం కల్తీకి గుర్తు కాదు. రంగూ అంతే. ఆవుపాల మీగడ బీటా కెరోటిన్ వల్ల పసుపుగా, గేదెపాల మీగడ తెల్లగా ఉండటం సహజం. గులాబీ, నీలం, ఆకుపచ్చ మచ్చలో, నూగులాంటి బూజో కనిపిస్తే మాత్రం రెండో ఫోటో అవసరం లేదు. పారబోయాల్సిందే.

ఫోటో తీసేటప్పుడు ఫ్లాష్ వద్దు. తెల్లటి ఉపరితలం మీద ఫ్లాష్ పడితే పలుకులన్నీ ఆ వెలుగులో మాయమవుతాయి. కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా, గ్లాసు వెనక నల్లటి గుడ్డో అట్టో పెట్టి, ఫోన్ తెరపై పాల మీద నొక్కి వెలుగు కాస్త తగ్గించాలి. పక్కన తెల్ల కాగితం కూడా ఫ్రేములోకి రావాలి. పసుపు బల్బు కింద కాగితమే పసుపుగా ఉంటే, తేట రంగు మీద పెట్టిన నమ్మకం అక్కడితో సరి.

ఇంత చేసినా ఫోటో ఒకవైపు తీర్పే ఇస్తుంది. విరిగాయని గట్టిగా చెప్పగలదు గానీ, తాగొచ్చని చెప్పలేదు. స్టెఫిలోకాకస్ బ్యాక్టీరియా ముందే విషాన్ని వదిలి ఉంటే, మరిగించినా అది పోదు. పాలు తెల్లగా, నున్నగా, చక్కటి మీగడతో కనిపిస్తాయి. అందుకని ఫోటో పంపినవాళ్లను నేనైతే ముందు అడిగేది, కాచాక ఆ గిన్నె బయట ఎన్ని గంటలుంది అని. రెండు గంటలు దాటిందంటే, ఎండాకాలంలో అయితే ఒక గంట దాటినా సరే, గాజు గ్లాసు ఫోటో పంపమని ఇక అడగను.