రేపు చేయబోయే నేరానికి ఇవాళే జైలు

బెజవాడలో జాతకాలు చెప్పేవాళ్లకు కొదవ లేదు, కానీ వాళ్లందరినీ తలదన్నే జ్యోతిష్కుడు ప్రభుత్వమే అని నా గట్టి నమ్మకం.

మామూలు అరెస్టుకి ఆ విద్య రాదు. నిన్న చేసినదానికే పట్టుకోవాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి, లాయరొస్తాడు, బెయిలడుగుతాడు, అదంతా పెద్ద తలనొప్పి. పీడీ యాక్ట్, అంటే ముందస్తు నిర్బంధ చట్టం, అలా కాదు. నువ్వు రేపు ఏం చేస్తావో అదే చూసేసి, ముందుజాగ్రత్తగా లోపలేస్తుంది. శిక్ష కాదండీ, నివారణ మాత్రమే! అందుకే విచారణ అక్కర్లేదు. నివారణ జరిగేది మాత్రం జైల్లోనే, 12 నెలల దాకా.

కృష్ణలంకలో నాటుసారా అమ్మే ఒక బాబాయి ఉన్నాడనుకోండి. మూడు కేసులు, మూడింట్లోనూ బెయిలు. ఆ బెయిళ్లు రద్దు చేయమని కోర్టుకెళ్లొచ్చు, కానీ అక్కడ కారణాలు అడుగుతారు. అంతకంటే 1986 నాటి రాష్ట్ర పీడీ చట్టం కింద కలెక్టరుగారి సంతకం తేలిక. ఎందుకు పట్టుకున్నారో 5 రోజుల్లోగా రాతపూర్వకంగా ఇవ్వాలి కాబట్టి ఇచ్చారు కూడా, అరచేతి మందం కట్ట, మొత్తం ఇంగ్లీషు. బాబాయి చదివింది తెలుగు మీడియంలో ఐదో తరగతి. హెడ్ కానిస్టేబుల్ గారు "నీ మీద పీడీ పెట్టారు, ఇక్కడ సంతకం పెట్టు" అని రెండు ముక్కల్లో అనువాదం చేసేశారు.

ఇక్కడే సుప్రీంకోర్టు అడ్డం పడుతుంది. ఒక గుజరాతీ నిర్బంధితుడి కేసులో, పోలీసు ఇన్‌స్పెక్టర్ నోటితో గుజరాతీలో వివరించానన్నా చాలదంది, అతనికి వచ్చిన భాషలోనే రాసివ్వాలంది. అంత పట్టుదల ఎందుకంటే, ఆ కాగితం తప్ప బాబాయి చేతిలో ఇంకేం లేదు. ఈ నిర్బంధానికి తగిన కారణం ఉందో లేదో చూసే సలహా మండలి ముందుకెళ్తే లాయరు రాకూడదు (ప్రభుత్వం తన లాయరును తెస్తే అప్పుడు మాత్రం ఈయనకూ ఇవ్వాలి), కావాలంటే లాయరు కాని స్నేహితుణ్ని తెచ్చుకోవచ్చు. సారా బాబాయి స్నేహితులు ఎలాంటి మేధావులో మనకు తెలియనిదా?

మండలిలో ఉండేవాళ్లు హైకోర్టు జడ్జీలు, మాజీలు, లేదా ఆ అర్హత ఉన్నవాళ్లు. ప్రభుత్వం 3 వారాల్లోగా ఫైలు వాళ్లకు పంపాలి, పట్టుకున్న రోజు నుంచి 7 వారాల్లోగా వాళ్లు తేల్చాలి. తగిన కారణం లేదంటే వదిలేయాల్సిందే. ఉందంటే, ప్రభుత్వం ఇష్టం.

గొడవ చేస్తే చివరికి తెలుగు కాపీ వచ్చింది. డిగ్రీ చదివే కూతురు ములాఖత్‌లో కిటికీ అవతలి నుంచి గట్టిగా చదువుతుంటే, మూడో కేసు తేదీ దగ్గర బాబాయి ఆపాడు.

"మళ్లీ చదవమ్మా. ఆ రోజు నేను రెండో కేసులో ఇదే జైల్లో ఉన్నాను కదే!"