"ఆకే కదా" అనే మాట వింటే ఒళ్ళు మండుతోంది

పొద్దున్నే పార్కులో పక్కవీధి బాబాయిగారు షుగర్ మాత్ర మానేసి బిళ్ళగన్నేరు ఆకుల రసం తాగుతున్నానని చెప్పారు. "కెమికల్స్ ఏమీ ఉండవమ్మా, ఆకే కదా" అంటుంటే చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపుతూ ఫోన్లలో రాసుకుంటున్నారు. ఇంకా కోపం తగ్గలేదు నాకు.

బాబాయిగారూ, ఆ మొక్కలో ఒక్క ఆల్కలాయిడ్లే వందకు పైగా ఉన్నాయి. అంటే నైట్రోజన్ ఉన్న పదార్థాలు. పురుగులూ పశువులూ తినకుండా మొక్క తన కోసం తయారుచేసుకునేవి. కాఫీలో కెఫీన్, పొగాకులో నికోటిన్ ఈ జాతివే. కొంచెమే ఒంట్లోకి వెళ్ళినా నరాల మీదో, గుండె మీదో, కణాల మీదో పనిచేస్తాయి.

బిళ్ళగన్నేరు కథే చూడండి. షుగర్‌కి పనిచేస్తుందని జమైకాలో వాడుతున్న ఈ ఆకు 1950లలో కెనడా పరిశోధకుల చేతికి వచ్చింది. దాని సారాన్ని ఎలుకలకు ఇంజెక్షన్ ఇస్తే షుగర్ తగ్గలేదు, తెల్ల రక్తకణాలు పడిపోయి ఎలుకలు ఇన్ఫెక్షన్లతో చచ్చిపోయాయి. అలా దొరికిందే విన్‌బ్లాస్టిన్, ఆ తర్వాత విన్‌క్రిస్టిన్. రెండూ క్యాన్సర్ మందులే. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరో పక్కకు లాగే సన్నని పోగులు ఏర్పడకుండా ఇవి అడ్డుపడతాయి. క్యాన్సర్ కణమా, మన ఎముక మజ్జలో కణమా అని చూడవు.

గుప్పెడు ఆకుల రసంతో రేపే కణాలు పడిపోతాయని నేననడం లేదు. ఒక గ్రాము మందు తీయాలంటే వందల కిలోల ఎండుటాకు కావాలి. కానీ మీ గుప్పెట్లో ఏది ఎంత ఉందో మీకు తెలియదు. మొక్కకీ మొక్కకీ, కాలానికీ కాలానికీ అది మారుతుంది. పైగా మాత్ర మానేశారు! అసలు భయం అక్కడే.

"చేదుగా ఉంటే మందే" అనే మాట ఇంకొకటి. వేప చేదుకి కారణం ఆల్కలాయిడ్లు కాదు, టెర్పీన్లనే ఇంకో కుటుంబం పదార్థాలు. కర్పూరం ఘాటూ, నీలగిరి తైలం వాసనా అదే కుటుంబం. పసిపిల్లలు ఆ కర్పూరం మింగితే ఫిట్స్ రావచ్చు. ఉల్లిపాయ పై పొరల్లో ఉండే క్వెర్సెటిన్ లాంటివి ఫ్లేవనాయిడ్లనే మరో రకం పదార్థాలు. వాటి మీద అమ్ముకునే మాటలకైతే అంతే లేదు. గాజు గొట్టంలో చేసిన పరీక్ష చూపించి గుండెజబ్బు నయమైపోతుందంటారు.

ఇక టానిన్లు. కరక్కాయ నమిలితే నోరు పట్టేసే వగరు వాటిదే. టీలోనూ ఇవి ఉంటాయి. నోట్లో ప్రోటీన్లను పట్టుకున్నట్టే ఇవి ఇనుమునూ పట్టుకుని ఒంటికి అందనివ్వవు. మా చెల్లి కడుపుతో ఉన్నప్పుడు ఐరన్ మాత్ర రాసిచ్చినచోట ఒక్కరూ ఈ ముక్క చెప్పలేదు. రోజూ టీతోనే మింగింది. రక్తం పెరగలేదని మళ్ళీ దాన్నే తిట్టారు, "సరిగ్గా వేసుకోవడం లేదు" అని. మాత్రకీ టీకీ మధ్య గంటో రెండు గంటలో తేడా ఉంచమని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?