మూడేళ్లూ బ్యాంకులోనే ఉండే రాయితీ

ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం (పీఎంఈజీపీ) అనగానే అందరికీ గుర్తుండేది 35 శాతం రాయితీ. ఆ డబ్బు ఎప్పుడు, ఏ రూపంలో, ఏ షరతు మీద తనదవుతుందో చాలామంది దరఖాస్తుదారులకు తెలియదు. యూనిట్ నిలబడుతుందా లేదా అన్నది చాలావరకు అక్కడే తేలుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పల్నాడులోని ఒక గ్రామంలో ఓ మహిళ కారం, పసుపు పొడి మిల్లు పెట్టాలనుకుంది. యంత్రాలకు, షెడ్డుకు రూ.7 లక్షలు, మిర్చి కొనడానికి రూ.3 లక్షలు, మొత్తం రూ.10 లక్షల ప్రాజెక్టు. స్థలం ధరను ఈ లెక్కలో చేర్చడానికి వీల్లేదు. మహిళ కాబట్టి ఆమె సొంత వాటా 5 శాతం, అంటే రూ.50 వేలు. గ్రామంలో యూనిట్ పెట్టే మహిళ కాబట్టి రాయితీ 35 శాతం, అంటే రూ.3.5 లక్షలు. ఇదే మిల్లును పట్టణంలో పెడితే రాయితీ 25 శాతమే. సొంత వాటా పోను మిగతా రూ.9.5 లక్షలను బ్యాంకు అప్పుగా మంజూరు చేస్తుంది.

ఈ రూ.3.5 లక్షలు ఆమె చేతికి రావు. అప్పు మొదటి విడత విడుదలయ్యాక బ్యాంకు కోరితే, ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ నుంచి ఆ డబ్బు బ్యాంకు శాఖకు వస్తుంది. దాన్ని ఆమె పేరుతో మూడేళ్ల డిపాజిట్‌గా ఉంచుతారు. ఆ డిపాజిట్ మీద వడ్డీ రాదు. అప్పులో అంత మొత్తం మీద వడ్డీ వేయకూడదు కూడా. మూడేళ్లు గడిచి, యూనిట్ నడుస్తోందని తనిఖీలో తేలాకే దాన్ని అప్పుకు జమ చేస్తారు. కాబట్టి డిపాజిట్ వేశారని శాఖలో చెప్పిన రోజే ఖాతా స్టేట్‌మెంట్ తీసుకోవాలి. ఆ తేదీ తర్వాత కూడా వడ్డీ మొత్తం రూ.9.5 లక్షల మీదే పడుతుంటే తప్పు జరుగుతున్నట్టే. అప్పుడు లిఖితపూర్వకంగా అడగాలి.

పూచీకత్తు విషయంలోనూ ఆమె గట్టిగా నిలబడవచ్చు. చిన్న యూనిట్లకు రూ.10 లక్షల వరకు అప్పులకు తనఖా అడగకూడదని రిజర్వు బ్యాంకు 2010లోనే ఆదేశించింది. అప్పుతో కొన్న యంత్రాలు, సరుకు ఎలాగూ బ్యాంకు హక్కులో ఉంటాయి, అది వేరే సంగతి. ఇల్లు, పొలం కాగితాలు అడిగితే మాత్రం అది నిబంధనకు విరుద్ధం. అయితే, యంత్రం కాస్త పెద్దది తీసుకుందామని ప్రాజెక్టును రూ.11 లక్షలు చేస్తే చదువు షరతు అడ్డొస్తుంది. తయారీ రంగంలో ప్రాజెక్టు రూ.10 లక్షలు మించితే ఎనిమిదో తరగతి ఉత్తీర్ణత కావాలి. ఒక్క లక్ష కోసం ఓ కొత్త చిక్కు వచ్చిపడుతుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టేది నిర్వహణ పెట్టుబడి షరతు. మిర్చి కొనుగోలుకు ఇచ్చిన, అవసరమైనప్పుడు వాడుకుని తిరిగి కట్టే క్యాష్ క్రెడిట్ పరిమితిని మూడేళ్లలో ఎప్పుడో ఒకసారి పూర్తిగా వాడాలి, వాడకం 75 శాతానికి తగ్గకూడదు. తగ్గితే ఆ మేరకు రాయితీని వెనక్కి తీసుకుంటారు. ఈమె విషయంలో ఆ భాగం మీద వచ్చిన రాయితీ రూ.1.05 లక్షలు.

మిర్చి మిల్లు ఏడాది ఎలా సాగుతుందో చూడండి. పంట యార్డుకు వచ్చే ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆమె బస్తాలు కొని పరిమితి మొత్తం వాడేస్తుంది. పచ్చళ్ల కాలంలో కారం అమ్ముడుపోతుంది, డబ్బు ఖాతాలో జమవుతుంది. వానాకాలానికి ఆమె బాకీ సగానికి పడిపోతుంది. వాడిన మొత్తానికే వడ్డీ కాబట్టి అమ్మకం డబ్బును వెంటనే కట్టేయడం తెలివైన పని. ఆ పొదుపే మూడేళ్ల తర్వాత ఆమె మీదికి వస్తుంది. వాడకం తక్కువగా ఉందని లెక్క తేలితే, యూనిట్ చక్కగా నడుస్తున్నా రాయితీలో కోత పడుతుంది. కోత తప్పించుకోవాలంటే అవసరం లేని అప్పును ఖాతాలో నిలిపి వడ్డీ కట్టాలి. ఇది అన్యాయం.

అప్పు తీసుకున్నవారు డబ్బు పక్కకు మళ్లించకుండా చూడాలన్న ఉద్దేశాన్ని నేను కాదనను. కానీ ఆ పని సరుకు బిల్లులు, జీఎస్టీ లెక్కలు, తనిఖీ చేయగలవు. పంట మీద ఆధారపడే మిల్లులకు ఏడాది పొడవునా ఒకే కొలత పెట్టకుండా, సీజనులో అత్యధిక వాడకాన్నే ప్రమాణంగా తీసుకోవాలి. అది జరిగే వరకు దరఖాస్తుదారు చేయగలిగింది ఒకటుంది. ప్రాజెక్టు నివేదిక రాయించేటప్పుడే నిర్వహణ పెట్టుబడిని రూ.3 లక్షలకు బదులు నిజంగా తిప్పగలిగే రూ.2 లక్షలకు తగ్గించుకోవాలి. రాయితీ రూ.35 వేలు తగ్గుతుంది. ఆ తగ్గింపు మొదటి రోజే తెలుస్తుంది, మూడో ఏడాది చివర ఉత్తరం రూపంలో రాదు.