చల్లబడ్డ పిల్ల గొంతులో పాలు పోయమన్న మహానుభావుడికి

"మేకలు ఈనే సీజన్! ప్రతి రైతూ తెలుసుకోవాల్సిన 5 విషయాలు. 1. నొప్పులు మొదలై అరగంటైనా పిల్ల బయటికి రాకపోతే కనపడే కాలు పట్టుకుని లాగేయండి, లేదంటే తల్లి కూడా పోతుంది. 2. మాయ పడేదాకా పిల్లను పొదుగు దగ్గరికి రానివ్వకండి, మొదటి పాలు పిండి పారబోయండి. 3. చల్లబడి సొమ్మసిల్లిన పిల్లకు వెంటనే వేడి పాలలో కాస్త బ్రాందీ కలిపి గొంతులో పోయండి, లేచి గంతులేస్తుంది. 4. అమావాస్య నాడు పుట్టిన పిల్ల నిలవదు, దాని మీద ఖర్చు దండగ. 5. డాక్టర్ కోసం చూడకండి, ఆయన వచ్చేలోగా పిల్ల పోతుంది. పది గ్రూపులకు పంపండి!"

పది గ్రూపులకేం ఖర్మ, నేనున్న ప్రతి గ్రూపులోకీ వచ్చేసింది. పంపినవాళ్లలో ఎక్కువమంది బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, బాగేపల్లి వైపో మదనపల్లె వైపో మనిషిని పెట్టి మేకలు పెంచుతున్నవాళ్లు. చదివి ఊరుకుంటే నాకే బాధా లేదు. చదివింది ఫోన్‌లో ఆ మనిషికి చెబుతున్నారు, అతను తెల్లవారుజామున కొట్టంలో అదే చేస్తున్నాడు. యలహంకలో ఉంటూ పశువైద్యం చేసుకునేవాణ్ణి కాబట్టి ఆ తర్వాత ఫోన్ నాకొస్తుంది.

వరస తప్పించి మూడోదానితో మొదలుపెడతాను, పిల్లల్ని నేరుగా చంపుతున్నది అదే.

పిల్ల చల్లబడిందో లేదో చెవులు పట్టుకుని చెప్పకండి. థర్మామీటర్‌ను ఆసనంలో పెట్టి చూడండి. పుట్టి ఆరిన మేకపిల్లకు 102 ఫారెన్‌హీట్ అటూ ఇటూ ఉండాలి. మనకు నార్మల్ అనుకునే 98.6 మేకపిల్లకు ప్రమాద రేఖ. దానికంటే కిందికి దిగిన పిల్లకు మింగే శక్తి పోతుంది. మీరు గొంతులో పోసిన పాలు కడుపులోకి కాకుండా ఊపిరితిత్తుల్లోకి వెళతాయి. ఒకవేళ ఎలాగో కడుపులోకి చేరినా అక్కడ పేగు కదలడం లేదు, కాబట్టి అరగవు, పులుస్తాయి. ఇలా పోసిన పిల్ల ఒకటి చనిపోయాక కోసి చూశాను. ముక్కు రంధ్రాల దగ్గర పాల చారికలు, ఊపిరితిత్తి కోసిన చోట తెల్లటి నురగ. చలికి కాదు, పాలలో మునిగి చచ్చింది.

ఇక బ్రాందీ. అది తాగితే వెచ్చగా అనిపిస్తుంది, నిజమే. చర్మం కింది రక్తనాళాలు విప్పారి, లోపలున్న కాస్త వేడీ బయటికి పోతుంటే అలాగే అనిపిస్తుంది. పైగా అది రక్తంలో చక్కెరను తగ్గిస్తుంది. చక్కెర అయిపోయి పడి ఉన్న పిల్లకు మిగిలిన చక్కెర కూడా తీసేసే మందు! దీన్ని రాసినాయన బహుశా మందు పిల్లకు పోసి, మిగిలింది తాను తాగి రాసి ఉంటాడు.

"మరి వెంటనే మంట పక్కన పెడితే సరిపోతుందా సార్?" అని అడుగుతారు. ఎప్పుడు పుట్టిందన్నదాన్ని బట్టి ఉంటుంది. పుట్టుకతో పిల్ల ఒంట్లో కాస్త కొవ్వు ఉంటుంది, వేడి పుట్టించడానికి. సుమారు ఐదు గంటల్లో అది కరిగిపోతుంది. ఆలోపు చల్లబడిన పిల్లను తుడిచి, ఆరబెట్టి, వెచ్చబెడితే చాలు. ఐదు గంటలు దాటాక, పాలు తాగకుండా చల్లబడ్డ పిల్లను ఊరికే వెచ్చబెడితే మెదడు మేలుకుని చక్కెర అడుగుతుంది, ఒంట్లో ఉండదు. తల వెనక్కి విరుచుకుని, కొట్టుకుని పోతుంది. చూసేవాళ్లు "వేడి చాల్లేదు" అనుకుని ఇంకాస్త మంట వేస్తారు.

మొన్నటి చలిలో చింతామణి దగ్గరి కొట్టం నుంచి వచ్చిన ఫోన్ చెబుతాను. రాత్రి పదింటికి కవలలు పుట్టాయి. తల్లి మొదటి పిల్లను నాకి, దాంతో పక్కకు పోయింది. రెండోది తడిగడ్డిలో ఉండిపోయింది. తెల్లారి ఆరున్నరకు "అన్నా, నోట్లో వేలు పెడితే ఫ్రిజ్‌లోంచి తీసినట్టుందన్నా, పాలు కాస్తున్నా" అన్నాడు మేకలు చూసే కుర్రాడు. పాలు దించేయమన్నాను. థర్మామీటర్ 95.4 చూపించింది. తల నిలపడం లేదు. బరువు సుమారు రెండు కిలోలు. ఎనిమిది గంటలు దాటింది కాబట్టి ముందు గ్లూకోజ్, తర్వాతే వేడి.

గ్లూకోజ్ నోట్లో కాదు, పొట్టలోకి ఇంజెక్షన్. అక్కడ కావాల్సింది 20 శాతం గ్లూకోజ్ ద్రావణం, అంటే డెక్స్‌ట్రోజ్, కిలో బరువుకు 10 మిల్లీలీటర్లు. మెడికల్ షాపులో దొరికేది 25 శాతం. అది 16 మిల్లీలీటర్లు, ఇంజెక్షన్లకు వాడే స్టెరైల్ వాటర్ 4 మిల్లీలీటర్లు కలిపితే ఈ పిల్లకు కావాల్సిన 20 వస్తాయి. సిరంజిని గోరువెచ్చని నీళ్ల గిన్నెలో ఉంచి ఒంటి వేడికి తెచ్చాడు. పిల్లను ముందుకాళ్లు పట్టి నిలువుగా వేలాడదీసి, బొడ్డుకు ఒక అంగుళం కింద, ఒక అంగుళం పక్కన అయోడిన్‌తో తుడిచి, అంగుళం సూదిని తోకవైపు ఏటవాలుగా దించి మెల్లగా ఎక్కించాడు. ఇది ఆ కుర్రాడికి ముందే చేయించి నేర్పాను కాబట్టి ఫోన్‌లో చెప్పగలిగాను. మీరు మీ డాక్టర్ దగ్గర ఒకసారి చూసి నేర్చుకోకుండా, ఇది చదివి పొడవకండి.

తర్వాత పిల్లను అట్టపెట్టెలో, తువ్వాలు చుట్టిన వేడినీళ్ల సీసాల మధ్య పెట్టాడు. మంట పక్కన పెడితే ఒకవైపు కాలి, రెండోవైపు చల్లగానే ఉంటుంది. అరగంటకోసారి టెంపరేచర్ చూశాడు. 99 దాటి, తల ఎత్తాక అప్పుడు పాలు, అదీ తల్లి ముర్రుపాలు, కిలోకు 50 చొప్పున 100 మిల్లీలీటర్లు. చప్పరించే శక్తి ఇంకా లేదు కాబట్టి కడుపులోకి దించే రైల్స్ ట్యూబ్‌తో. మూతి నుంచి చివరి పక్కటెముక దాకా కొలిచి ట్యూబ్ మీద గుర్తు పెట్టుకుని, నోటి పక్కనుంచి మింగించుకుంటూ దించాలి. గుర్తుకు చాలాముందే ఆగినా, పిల్ల దగ్గినా తీసేసి మళ్లీ మొదలుపెట్టాలి, అది శ్వాసనాళంలోకి పోతోందన్నమాట. మధ్యాహ్నానికి ఆ పిల్ల చన్ను వెతుక్కుంది. తల్లి కాసేపు తన్నింది, పట్టుకుని తాగించాక ఊరుకుంది.

ఒకటో పాయింట్ దగ్గర నేను అనుకోకుండా తల ఊపాల్సి వచ్చింది. అరగంట లెక్క సరైనదే. గట్టిగా ముక్కుతూ అరగంటైనా ఏమీ ముందుకు కదలకపోతే చూడాల్సిందే. చాలామంది డాక్టర్ చెప్పాడని రాత్రంతా చూస్తూ కూర్చుంటారు, అదీ తప్పే. అయితే ఆయన రాసిన "లాగేయండి" ఉన్నచోట "చెయ్యి పెట్టి చూడండి" ఉండాలి. ఒక కాలే కనపడుతోందంటే రెండోది మడిచి ఉంది, లేదా తల వెనక్కి తిరిగి ఉంది. ఆ స్థితిలో లాగితే తల ఇంకా వెనక్కి తిరుగుతుంది. కవలలైతే మీ చేతికి అందిన రెండు కాళ్లు ఇద్దరివీ కావచ్చు.

గోళ్లు కత్తిరించి, సబ్బుతో కడిగి, గ్లవ్స్ వేసి, బాగా జెల్ రాసుకుని వెళ్లండి. గిట్ట పైన ఉన్న రెండు కీళ్లూ ఒకేవైపు మడిస్తే ముందుకాలు, చెరోవైపు మడిస్తే వెనుకకాలు. కాలు పట్టుకుని భుజం దాకా, అక్కణ్ణుంచి మెడ దాకా తడుముకుంటూ వెళ్లి, రెండూ ఒకే పిల్లవని తేల్చుకోండి. మడిచిన కాలును సరిచేయాలంటే ముందు పిల్లను నొప్పికీ నొప్పికీ మధ్య లోపలికి నెట్టి చోటు చేసుకోవాలి. గిట్టను అరచేతిలో మూసి పట్టుకుని తిప్పండి, లేదంటే అది గర్భసంచిని చీలుస్తుంది. రెండు కాళ్లూ ముక్కూ వరసలోకి వచ్చాక, తల్లి ముక్కినప్పుడే, దాని వెనుకకాళ్ల వైపు కిందికి లాగండి. రెండు వెనుకకాళ్లూ ముందొచ్చినా పిల్ల బతికే వస్తుంది, తిప్పే ప్రయత్నం చేయొద్దు. కాకపోతే నడుము దాటాక ఆగకుండా తీయాలి, బొడ్డుతాడు లోపల నొక్కుకుపోతుంది.

గర్భాశయ ముఖద్వారం తెరుచుకోకుండా వేళ్లకు ఉంగరంలా గట్టిగా తగిలితే, బలవంతంగా తెరవకండి. ఇరవై నిమిషాలు ప్రయత్నించినా వరస కుదరకపోయినా అంతే, అక్కడితో ఆపండి. ఎవరో సలహా ఇచ్చారని ఆక్సిటోసిన్ పొడిచేరు. దారి మూసుకుని ఉండగా గర్భసంచిని బిగిస్తే పగిలేది గర్భసంచే.

రెండో పాయింట్ తలకిందులు. పిల్ల పాలు చప్పరిస్తేనే తల్లిలో ఆక్సిటోసిన్ ఊరి మాయ పడటానికి సాయం అవుతుంది. చన్నులో అడ్డుపడే మైనపు బిళ్ల పోవడానికి ఒకటి రెండు ధారలు పిండండి, అంతే. మేకలో రోగనిరోధక శక్తి మాయ ద్వారా పిల్లకు చేరదు, ముర్రుపాల ద్వారానే చేరుతుంది, అదీ మొదటి గంటల్లో ఎక్కువగా, 24 గంటలయ్యేసరికి పేగు తలుపు మూసేస్తుంది. మీరు పారబోసింది అదే. వేలాడే మాయను లాగకండి, 12 గంటలు దాటితే డాక్టర్‌కు చూపించండి.

నాలుగోది: మేకకు క్యాలెండర్ ఉండదు.

ఐదోది మాత్రం నేను కొట్టేయలేను. రాత్రి రెండింటికి మీ కొట్టానికి ఎవరూ రారు, నేనూ రాను. నిజాయితీగా చెప్పాలంటే మెసేజ్ రాసినాయన కోపం వెనుక ఉన్న అనుభవం అబద్ధం కాదు. అందుకే చూలు మేకను కట్టేసుకునే ముందే థర్మామీటర్, రైల్స్ ట్యూబ్, 60 మిల్లీలీటర్ల సిరంజి, డెక్స్‌ట్రోజ్, అయోడిన్, జెల్, గ్లవ్స్ కొట్టంలో ఉండాలి. ఫ్రీజర్‌లో ఏదో ఒక మేకది మిగిలిన ముర్రుపాల సీసా ఉండాలి. దాన్ని గోరువెచ్చని నీళ్లలో కరిగించాలి, మైక్రోవేవ్‌లో పెడితే ఉపయోగపడే పదార్థమే చెడిపోతుంది. బొడ్డును కూడా ఆ అయోడిన్‌లోనే ముంచండి, పసుపులో కాదు.

డాక్టర్ రాకపోతే మేకనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లొచ్చు. ముందు 1962కు ఫోన్ చేయండి, అంబులెన్స్ దొరక్కపోతే వ్యాన్ ఎక్కించండి. ముఖద్వారం తెరుచుకోని మేకకు ఆపరేషన్ తప్ప దారి లేదు. దానికి కాలు పట్టి లాగేవాళ్లు పదిమంది ఉన్నా లాభం లేదు.